మేత చప్పుడు

సుధారాణి తన షెడ్డులోకి ఎవరినీ రానివ్వదు. అది గర్వం కాదు, చేసే పని అలాంటిది. పట్టుపురుగుకు అగరొత్తి వాసన పడదు, తలకు రాసుకున్న సెంటునూనె పడదు, పక్కింట్లో వేసిన మిరపకాయల పోపు ఘాటు కూడా పడదు. బయటివాళ్ల కాళ్ల వెంట రోగం వస్తుందని గుమ్మం ముందు బ్లీచింగు నీళ్ల తొట్టి పెట్టుకుంది. అందులో పాదాలు ముంచకుండా తను కూడా లోపల అడుగుపెట్టదు. ఇన్ని ఆంక్షలున్న చోటికి ఏ చుట్టం వస్తుంది, ఏ ఇరుగమ్మ వచ్చి కూర్చుంటుంది? పుంగనూరుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో సుధారాణి ఉందంటే ఉంది, అంతే.

సంబంధాలు రాకపోలేదు. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు మంచాన ఉండేవాళ్లు. మొదట తల్లి పడింది, ఆమె పోయాక తండ్రి వరదరాజులు పడ్డాడు. ఆయనా వెళ్లిపోయేసరికి సుధారాణికి నలభై దాటాయి, ఇక ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. మిగిలింది మల్బరీ తోట, రేకుల షెడ్డు, చేతిలో ఒక ఫోను.

ఆ ఫోనులోనే ఆమెకు నాలుగు మాటలు దొరికేవి. ఇన్‌స్టాగ్రామ్‌లో 'సుధ పట్టుపురుగులు' అని ఒక పేజీ పెట్టింది. సోకు కోసం కాదు, తోచక. ఆకు ఎప్పుడు కోయాలి, సున్నం ఎంత చల్లాలి, పురుగు పండి గూటికి సిద్ధమైందని ఎలా పోల్చుకోవాలి, ఇవే రీళ్లు. తన ముఖం కనిపించదు, చేతులు కనిపిస్తాయి. చూసేవాళ్లు కూడా అచ్చంగా పురుగులు మేపేవాళ్లే. వి.కోట నుంచి, రామసముద్రం నుంచి, సరిహద్దు దాటి ముళబాగిలు నుంచి ఎవరెవరో అడిగేవాళ్లు, ఈమె చెప్పేది. ఊళ్లో దొరకని పలకరింపులన్నీ ఫోనులో దొరికేవి.

వాళ్లందరిలో ఒకామె గొంతు మాత్రం ప్రత్యేకం. పేజీ పేరు చూస్తే 'మునిరత్నం హార్డ్‌వేర్, కుప్పం' అని ఉంటుంది. మేకులూ తాళాలూ అమ్మే ఆ పేజీ నుంచి ప్రతి ఉదయం ఒక ముసలామె మాట రికార్డయి వచ్చేది.

"సుధమ్మా, మేత పెట్టినావా? ఎన్నో జ్వరంలో ఉండాయి పురుగులు?"

జ్వరమంటే జబ్బు కాదు. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, రాయిలా కదలకుండా ఉండిపోతుంది. అలా ఉండి పాత చర్మం విడిచి లేస్తుంది. మేపేవాళ్లు దాన్ని జ్వరం అంటారు. అంత తెలిసి అడుగుతోందంటే ఆమె కూడా మేపేదే అయ్యుంటుందని సుధారాణి అనుకుంది. పేరు రత్నమ్మ అని మాత్రం చెప్పింది. సుధారాణి ఆకు కోస్తూ కోస్తూ ఫోను నోటి దగ్గర పెట్టుకుని జవాబు చెప్పేది. రోజులో ఆమె గట్టిగా మాట్లాడే మాటలు చాలాసార్లు అవే.

ఇంతలో ఫోనుల్లోకి ఒక శబ్దం వచ్చింది. ఎక్కడ పుట్టిందో, ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. ఒక పెద్దామె గొంతు, మెత్తగా "తింటివా?" అని అడుగుతుంది. తర్వాత కాసేపు ఏమీ ఉండదు, ఒట్టి నిశ్శబ్దం. మళ్లీ అదే గొంతు, "తినకుంటే ఎట్ల?" అంటుంది. అక్కడినుంచి డప్పులు, పిల్లనగ్రోవి, ఒకటే మోత. ఆ నెల ఏ ఫోను తెరిచినా ఇదే. అలిగిన పెళ్లాలు, డైటింగు చేసే మొగుళ్లు, అన్నం తినని పిల్లలు, చివరికి పెట్రోలు తినని స్కూటర్లు కూడా ఆ శబ్దం మీద రీళ్లయిపోయాయి. ఆడియో పేరు పక్కన పైకి తిరిగిన బాణం గుర్తు. అంటే ఇప్పుడు అది ఊపు మీదుందని అర్థం.

ఉదయ్ కిరణ్ ఆ బాణాన్నే చూపించాడు. మదనపల్లెలో చీరల కొట్లకూ, హార్స్లీ హిల్స్ మీద గదులు అద్దెకిచ్చేవాళ్లకూ రీళ్లు తీసిపెట్టే కుర్రాడు. గూళ్లు అమ్మడానికి మార్కెట్‌కు వెళ్లినప్పుడు పరిచయమయ్యాడు. మంచివాడే. నోరు మాత్రం కాస్త తొందర.

"అక్కా, నీ రీళ్లు బాగుండాయి. కానీ బావిలో కూర్చోని పాడతాండావు. ఈ సౌండు పట్టుకో. తిండి గురించే గదా! నీ పురుగులు చేసేది ఆ పనే. దేవుడు నీకోసమే పంపించినట్టుండాది."

సుధారాణికి ఆశ పుట్టింది. పేరు మీద కాదు, మనుషుల మీద. తనను చూసే నాలుగువేలమంది బదులు నలభైవేలమంది ఉంటే, అందులో ఇంకొక్క రత్నమ్మ అయినా దొరక్కపోతుందా అనుకుంది. ఒంటరి మనిషికి ఆశ ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

ఉదయ్ స్క్రిప్టు రాసుకుని వచ్చాడు. సుధారాణి జరీ చీర కట్టుకుని అరల ముందు నిలబడాలి. "తింటివా?" అన్నప్పుడు పురుగులవైపు వంగి పెదాలు కదపాలి. నిశ్శబ్దంలో అలిగినట్టు మూతి ముడుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకోవాలి. తెర మీద 'మా పురుగుల అలక ముందు పెళ్లాం అలక ఎంత?' అని అక్షరాలు. "తినకుంటే ఎట్ల?" అన్నప్పుడు వేలు ఊపుతూ ఆకు కొమ్మలు వాటి మీద పడేయాలి. డప్పులు మొదలైతే రెండు స్టెప్పులు. నలభై దాటిన మనిషి, తండ్రి పోయాక జరీ చీర పెట్టె తెరవని మనిషి, ఆ రెండు స్టెప్పులూ వేసింది. చెప్పాలంటే నాకే తలవంపుగా ఉంది గానీ, వేసింది.

అసలు చిక్కు ఇంకొకటి. అతనికి ఖాళీ దొరికిన రోజున పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. వాటి కింది ఆకుల పరుపు తడిగా ఉండకూడదని పైన సున్నం పొడి చల్లి ఉంది. ఆ సమయంలో మేత వేయకూడదు. వేస్తే ముందు లేచినవి తింటాయి, వెనక లేచేవి చిక్కిపోతాయి, పురుగులన్నీ ఎగుడుదిగుడవుతాయి. ఇది సుధారాణికి తెలియదా? చిన్నప్పటినుంచి తెలుసు.

"ఉదయ్, ఈ పొద్దు వద్దప్పా. జ్వరంలో ఉండాయి. ఎల్లుండి రా."

"ఎల్లుండి నాకు అంగళ్లులో కాలేజీ ఫంక్షనుంది అక్కా. ఎల్లుండికి సౌండు చల్లారిపోయినా పోతాది. రెండు నిమిషాలు ఏసి తీసేద్దాం, ఎవరు సూడొచ్చినారు?"

ఎవరు చూడొచ్చారని అన్నాడు, చూపించడానికే తీస్తూ. సుధారాణికి ఆ మాటలో తిరకాసు అప్పుడు తట్టలేదు. కొమ్మలు వేసింది, తీసేసింది. పురుగులు తల ఎత్తలేదు, దించలేదు.

రీలు లక్ష దాటింది. కింద కామెంట్లు వానలా పడ్డాయి. 'ఛీ, పురుగులు' అని కొందరు, 'ఆంటీ డాన్సు సూపర్' అని కొందరు, వాంతి బొమ్మలు పెట్టి ఇంకొందరు. ఒక్కరూ సుధారాణితో మాట్లాడలేదు, ఆమె గురించి వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు. ఇక పాతవాళ్లు సున్నం పొడిని చూసి గుర్తుపట్టేశారు. 'జ్వరంలో ఉంటే మేత యాల ఏస్తాండావు తల్లీ?' అని వి.కోట ఆయన అడిగాడు. 'మేము నిన్ను సూసి నేర్సుకుంటిమే' అని బయ్యమ్మ అనే ఆవిడ రాసింది. మెల్లగా వాళ్లు అడగడం మానేశారు.

రీలు లక్ష దాటిన మరుసటి ఉదయం కుప్పం నుంచి గొంతు రాలేదు. ఆ మరుసటి ఉదయమూ రాలేదు. తన గొంతు వినిపించడానికి సిగ్గుపడి, సుధారాణి అక్షరాలు కొట్టి పంపింది. 'రత్నమ్మా, కోపమా?' అని, 'తప్పయిపోయింది' అని. జవాబు లేదు. పురుగులు పండి, గూడు కట్టే వెదురు తట్టలు, చంద్రికల మీదికి ఎక్కి, గూళ్లు కట్టాయి. మూడు మేతల చప్పుడుతో నిండి ఉండే షెడ్డు చల్లబడింది. పంటకూ పంటకూ నడుమ వచ్చే ఆ ఖాళీ రోజులంటే ఆమెకు ఎప్పుడూ భయమే. ఈసారి ఫోను కూడా ఖాళీ అయ్యేసరికి తట్టుకోలేకపోయింది. ఇంట్లో రేడియో లేదని కాదు, టీవీ లేదని కాదు. తనను పేరు పెట్టి పిలిచే గొంతు లేదు.

గూళ్లు వేసుకుని మదనపల్లె వెళ్లినప్పుడు ఉదయ్ మార్కెట్ బయట టీ ఇప్పించాడు. ముఖం చిన్నబుచ్చుకుని ఉన్నాడు.

"తప్పు నాదే అక్కా. చీరల కొట్టుకు రాసినట్టే నీకూ రాసేస్తిని. తిండి మాట ఉండాది, పురుగులు తింటాయి, అంతే సూసినా. సౌండులో ఉండే మాట కాదు, దాని నడక సూడాల్సింది. నీ పనిలో అట్ల నడిచేది ఏమన్నా ఉంటే సరే, లేకుంటే ఆ సౌండు ముట్టుకోకూడదు."

"తలుపు తీసింది నేనే గదప్పా," అంది సుధారాణి. నిజానికి అతని మీద కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

షెడ్డు కడిగి, మందు కొట్టి, తలుపులు బిగించి, ఆమె పుంగనూరులో బస్సెక్కింది. పలమనేరులో దిగి కుప్పం బస్సు పట్టుకుంది. మునిరత్నం హార్డ్‌వేర్ కనుక్కోవడం కష్టం కాలేదు. కొట్లో ఉన్న మునిరత్నానికి రత్నమ్మ పేరు చెప్పి, ఫోనులో మాట్లాడుకుంటామని చెబితే వింతగా చూశాడు.

"మా యమ్మతోనా? ఇంటికాడే ఉండాది, పోండి. సందు చివర."

రత్నమ్మ ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పొద్దున కొడుకూ కోడలూ కొట్టుకు, మనవడు చదువుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే వస్తారు. సుధారాణి "రత్నమ్మా" అన్న ఒక్క మాటకే ఆమె తల తిప్పింది. ముఖం ఎన్నడూ చూడకపోయినా గొంతు పోల్చింది.

"సుధమ్మా! నువ్వేనా తల్లీ?"

"నేనే. నా మీద కోపమొచ్చి మాట్లాడలేదా?"

"కోపమేల?"

"జ్వరంలో మేత ఏసినా గదా. రాసి పంపించినా, జవాబు ఇయ్యలేదు."

ముసలామె నవ్వింది. "నాకు సదువు యాడొస్తాది? మనవడు కొట్టు పేజీని ఈ ఫోన్లోనే పెట్టి, ఆ గుండు బొమ్మ నొక్కితే మాట్లాడొచ్చని సూపించినాడు, నొక్కతా. రాసింది నాకేం తెలుస్తాది? కండ్లకు పొర కమ్మింది, బొమ్మ కూడా మసకే. సున్నమూ సూళ్ళేదు, మేతా సూళ్ళేదు. నేను ఇనేదాన్ని. అంతే."

"ఏం ఇనేదానివి?"

రత్నమ్మ లేచి, గోడ పట్టుకుని నడిచి, ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడొక రేకుల షెడ్డు. కొలతలు, కిటికీల వల, పాదాలు ముంచే తొట్టి గుంత, అన్నీ సుధారాణి షెడ్డులాగే ఉన్నాయి. లోపల మాత్రం అరలు లేవు. సిమెంటు మూటలు, ప్లాస్టిక్ పైపులు, పెయింటు డబ్బాలు నిండి ఉన్నాయి.

"తోట తీసేసినారమ్మా. నాతో కాదు, వాళ్లకు పొద్దు లేదు. తప్పంటే ఎట్ల? కానీ ఈ ఇంట్లో చప్పుడు పోయింది. నీ వీడియోల్లో పురుగులు ఆకు నమిలే చప్పుడు వస్తాది సూడు, రేకుల మీద చినుకు పడినట్ట. దాన్ని పెట్టుకుని కూర్చుంటాను. అది ఇనిపించినాక నిన్ను పలకరిస్తాను."

సుధారాణి ఇన్నాళ్లూ నాలుగు వేల మందికి పాఠాలు చెబుతున్నాననుకుంది. ఒకామె ఆ చప్పుడు మాత్రమే తాగి బతుకుతోందని ఏనాడూ అనుకోలేదు.

"మరి ఆ రీలు..."

"దాంట్లో పురుగులు ఇనపళ్ళేదు. డప్పులే. ఆ యమ్మ గొంతు మాత్రం బాగుండాది, తింటివా అని అడగతాది. అడిగినాక జవాబు ఇనాల గదా? ఇనకుండానే డప్పు కొడితిరి." ఆమె షెడ్డు తలుపు మూసింది. "నీకిప్పుడు లక్షమంది ఉండారంట, మనవడు చెప్పె. ఈ ముసల్దానితో మాట్లాడే పొద్దు యాడుంటాదిలే అనుకుని ఊరకుంటి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సుధారాణి ఆ శబ్దాన్ని మళ్లీ మళ్లీ వింది. ఎన్నిసార్లు విన్నా నడుమ ఉన్న నిశ్శబ్దం దగ్గరే మనసు ఆగింది. తను అక్కడ మూతి ముడిచింది. అందరూ అక్కడ ఏదో ఒకటి కుక్కారు. అది కుక్కే చోటు కాదు, కాచుకునే చోటు. తన షెడ్డులో మేత పరిచిన ప్రతిసారీ, నమిలే చప్పుడు మొదలయ్యేలోపు అలాంటి చోటొకటి వస్తుందని, దాన్ని రోజూ దాటుకుంటూ పోతోందని వి.కోట దాటాక తట్టింది. బస్సులో పక్కన ఎవరూ లేరు కాబట్టి, ఆ మాట పైకే అనుకుంది.

కొత్త పురుగులు వచ్చాయి. ఒక్కో జ్వరం దాటాయి. నాలుగోదాంట్లో పడుకున్నప్పుడు సుధారాణి జరీ చీర జోలికి పోలేదు. ఫోనును అర అంచుకు కట్టి, తల ఎత్తి కదలకుండా ఉన్న పురుగులను తీసింది. కొమ్మ వేయలేదు. తొందరపడి లేచినవి కొన్ని అటూ ఇటూ పాకుతున్నా మిగతావి లేచేదాకా ఆగింది. అన్నీ లేచాక పొడి మందు చల్లి, ఇంకాసేపు కాచుకుని, అప్పుడు మొదటి మేత పరిచింది. జ్వరం లేచిన పురుగు ఆకలి మామూలు ఆకలి కాదు. ముందు ఒకటి రెండు చినుకులు, తర్వాత జల్లు, తర్వాత షెడ్డంతా ఒకే వాన. ఆమె ఊపిరి బిగబట్టి, ఫోను ఆకులకు దగ్గరగా పట్టుకుంది. చివరికి ఈనెలు మాత్రం మిగిలిన కొమ్మలను తీసింది.

ఉదయ్‌కు ఫోను చేసింది.

"అప్పా, సౌండు ఉండాల, నా పురుగులూ ఇనపడాల. ఎట్ల?"

"ఎడిట్‌లో రెండు గీతలుంటాయి అక్కా. ఒకటి ఆ సౌండుది, ఒకటి నీ కెమెరాది. పోయినసారి నీది సున్నా చేసేస్తి నేను. నీది నిండుగా పెట్టు, దాన్ని సగానికి తగ్గించు. డప్పులు రాకముందే కోసెయ్." అని చెప్పాడు. "అయినా ఆ సౌండు చల్లారిపోయిందక్కా. బాణం పోయింది. ఇప్పుడు ఎవురూ సూడరు."

"పోనీలే," అంది సుధారాణి.

కదలని పురుగుల మీద ఆ పెద్దామె గొంతు "తింటివా?" అని అడిగింది. నిశ్శబ్దం రావాల్సిన చోట కొమ్మ పడింది, ఆకు నమిలే చప్పుడు సన్నగా మొదలై పెరిగింది. "తినకుంటే ఎట్ల?" అనేసరికి తెర మీద ఒట్టి ఈనెలు. ఒక్క పెదవీ కదల్లేదు, ఒక్క స్టెప్పూ లేదు. 'నాలుగో జ్వరం లేసినాయి' అని మాత్రం రాసింది. ఆ గొంతు ఈ షెడ్డులోనే పుట్టినట్టు అమరింది.

లక్ష రాలేదు. అందులో నూరో వంతు వచ్చిందేమో. వి.కోట ఆయన, 'ఇదీ మేతంటే' అన్నాడు. బయ్యమ్మ, తన పురుగులకు ఇంకా రెండో జ్వరమేనని, సున్నం ఎంత చల్లాలో చెప్పమని అడిగింది. సుధారాణి చెప్పింది. కానీ ఆమె కళ్లు ఆ వరుసలో లేవు. సాయంత్రం మేత పెట్టింది, చేతులు కడుక్కుంది, గుమ్మం బయట కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంది.

చీకటి పడకముందే వచ్చింది. మేకులూ తాళాలూ అమ్మే ఆ పేజీ నుంచి.

"సుధమ్మా, ఇనపడినాయి. నిండా ఇనపడినాయి. శానా ఆకలి మీద ఉండాయి, బాగా గూడు కడతాయి సూడు." కాసేపు ఊపిరి తీసుకున్న చప్పుడు. "నవ్వకుండా ఇను. ఆ యమ్మ 'తింటివా' అనింది గదా. ఎవురూ లేరు ఇంట్లో. నేను, 'లేదమ్మా, ఇంగా తిన్లేదు' అని చెప్పేసినా. ఫోన్లో అడిగిందని తెలుసు. అయినా చెప్పేసినా. నన్నట్ల అడిగి ఎన్నాళ్లయిందో. నువ్వు తింటివా, సుధమ్మా?"

వెనక షెడ్డులో పురుగులు మేస్తూనే ఉన్నాయి. సుధారాణి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఎవరూ అడగరు కాబట్టి ఆ సంగతి ఆమెకూ గుర్తులేదు. కళ్లు తుడుచుకుని, మాట రికార్డయ్యే గుండు బొమ్మ నొక్కింది. ముందు ఫోనును షెడ్డు తలుపువైపు చాపి పట్టుకుంది. ఆ ఖాళీలో మేత చప్పుడే రికార్డయింది.

"లేదు రత్నమ్మా," అంది చివరికి. "ఉండు, అన్నం పెట్టుకొస్తా. నువ్వూ పెట్టుకోని రా."